మామ్మ చేత సామెతలు చెప్పించకు

అమ్మాయ్,

నీ కథ అందింది. విజయనగరం సిరిమానోత్సవానికి మొదటిసారి బోర్డు పెట్టుకుంటున్న జంతికల వ్యాపారం, మాటలు వెతుక్కుంటున్న మనవరాలు, పక్కన మామ్మ. ఇంతవరకూ బాగుంది. కానీ మామ్మ నోరు విప్పితే సామెతే. ఏళ్ల తరబడి మూకుడు ముందు కూర్చున్న మనిషి అలా మాట్లాడదు. సరుకు గురించి మాట్లాడుతుంది.

మనవరాలు రాసింది చూడు: "సంప్రదాయ రుచులకు మారుపేరు, స్వచ్ఛమైన నేతితో చేసిన వేడివేడి జంతికలు". దాన్ని మామ్మ బాగుందనీ అనకూడదు, బాలేదనీ అనకూడదు. ఒక్కో మాటనీ పట్టుకుని అడగాలి. నెయ్యెక్కడిది, మనం వేయించేది వేరుశనగ నూనెలో కదా? 'వేడివేడి' దగ్గర ఇంకాస్త గట్టిగా, "వేడి మీద ప్యాకెట్లో కడితే ఆవిరికి మెత్తబడిపోవేటే గుంటా?" అనాలి. ఆమెకి పని తెలుసని చెప్పడానికి ఈ ప్రశ్న చాలు, నువ్వు విడిగా పొగడక్కర్లేదు. (యాస కూడా ఇంతే. ప్రతి వాక్యంలోనూ ఇరికించకు.)

'మారుపేరు' ఎగిరిపోవడానికి రోడ్డే కారణం. సిరిమాను పైడితల్లమ్మ గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగే రోజున జనం నిలబడి చదవరు, తోసుకుంటూ పోతారు. అంగుళం ఎత్తు అక్షరం పదడుగుల నుంచి హాయిగా కనిపిస్తుందని ఒక మోటు లెక్క ఉంది. 60 అడుగుల నుంచి కనబడాలంటే 6 అంగుళాలు కావాలి. 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఫ్లెక్సీలో ఒత్తులకీ గుడులకీ చోటు వదిలితే రెండు వరుసలే పడతాయి, వరుసకి ఏడెనిమిది అక్షరాలు. ఫ్లెక్సీ షాపు కుర్రాడు ఈ మాట విసుగ్గా చెబితే సరిపోతుంది.

అన్నీ పోగా "ఈరోజు వండిన జంతికలు" మిగిలిందనుకో. నీ కథ ఇక్కడ అయిపోయింది. నాకైతే ఇక్కడే మొదలవుతుంది. బోర్డు సోమవారం తొలేళ్లకి కడతారు, మంగళవారం సిరిమాను దాకా ఉంటుంది. నాన్నేమో సరుకంతా ఆదివారమే వండేద్దామని నూనె డబ్బాలు తెప్పించాడు. మామ్మ ఆ మాట చదివించుకుని, "అయితే మంగళారం తెల్లారకముందే మళ్లీ పిండి కలపాల. లేస్తావా?" అని మనవరాల్నే అడుగుతుంది. 'ఈరోజు' తీసేస్తే ఇంటిల్లిపాదికీ నిద్ర దొరుకుతుంది. ఉంచితే రెండు రాత్రుల చాకిరీ.

మనవరాలు ఏమంటుందో నేను చెప్పను. బోర్డు కట్టాక అందరూ చప్పట్లు కొట్టే చివరి పేజీ మాత్రం తీసేసి, నాన్న ఒప్పుకోని సీను రాసి పంపు. దసరా సంచికకి ఇంకా టైముంది.

ఉంటాను.