సీఎంఎస్ అంటే ఏమిటి? ఒక వార్తను వెంబడిస్తూ చూద్దాం

ప్రశ్న: డిగ్రీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. తెలుగు బాగా రాస్తాను. ఇన్‌స్టాగ్రామ్‌లో మా ఊరి విశేషాలతో ఒక పేజీ నడుపుతున్నాను. ఒక తెలుగు న్యూస్ వెబ్‌సైట్‌లో సబ్ ఎడిటర్ ఉద్యోగానికి అప్లై చేద్దామంటే 'సీఎంఎస్ తెలిసి ఉండాలి' అని రాశారు. అదేంటో అర్థం కావడం లేదు. దానికి కోడింగ్ రావాలా? నాకు ఇన్‌స్టా, ఫేస్‌బుక్ తప్ప ఇంకేం తెలియదు.
– ఒక విద్యార్థిని, నల్గొండ

జవాబు: కోడింగ్ అక్కర్లేదు. సీఎంఎస్ అంటే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. వెబ్‌సైట్‌లో వచ్చే వార్తల్ని, ఫొటోల్ని రాసుకోవడానికి, దిద్దడానికి, ప్రచురించడానికి, తర్వాత వెతికి తీసుకోవడానికి ఆఫీసులో వాడే సాఫ్ట్‌వేర్ అది. పాఠకుడికి కనిపించేది వెబ్‌సైట్. మీరు లాగిన్ అయి పనిచేసేది దాని వెనక ఉండే సీఎంఎస్. వీటిలో ఎక్కువ వాడుకలో ఉన్నది వర్డ్‌ప్రెస్. మ్యాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ కలిసి 2003లో దీన్ని విడుదల చేశారు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ద్రూపల్, జూమ్లా లాంటివి వేరే ఉన్నాయి. కొన్ని సంస్థలు సొంతంగా తయారు చేయించుకుంటాయి. మీరు చేరే ఆఫీసులో ఏది ఉన్నా, వర్డ్‌ప్రెస్ పద్ధతి అర్థమైతే మిగతావాటిలో బటన్లు ఎక్కడున్నాయో చూసుకోవడమే మిగులుతుంది. అందుకే నేను వర్డ్‌ప్రెస్‌తోనే చెబుతాను.

ఇన్‌స్టాలో మీరు ఫొటో ఎంచుకుని, కింద నాలుగు ముక్కలు రాసి, షేర్ నొక్కుతారు. ఆ పోస్ట్ ఎలా కనిపించాలో, ఎవరికి ముందు చూపించాలో, దాని లింకు ఎలా ఉండాలో కంపెనీయే తేలుస్తుంది. వెబ్‌సైట్‌లో ఇవన్నీ ఆ సైట్ వాళ్ల చేతిలోనే ఉంటాయి. అంటే డ్యూటీలో ఉన్న సబ్ ఎడిటర్‌గా వాటిలో చాలావరకు మీరే తేల్చాలి. సీఎంఎస్ స్క్రీన్‌లో అన్ని గడులు కనిపించేది అందుకే.

ఒక వార్త తీసుకుందాం. వరద వచ్చి నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారనుకోండి. మీ జిల్లా రిపోర్టర్ సీఎంఎస్‌లో లాగిన్ అయి వార్త రాశారు. హెడ్డింగ్: 'నాగార్జునసాగర్ 26 గేట్లు ఎత్తివేత'. హెడ్డింగ్‌కి ఒక గడి, వార్తకు ఒక గడి, ముఖ్యమైన ఫొటోకు వేరే గడి ఉంటాయి. ఏ విభాగంలోకి వెళ్లాలో కేటగిరీలో టిక్ పెట్టాలి. ఇన్‌స్టాలో హెడ్డింగ్, వార్త, హ్యాష్‌ట్యాగ్ అన్నీ ఒకే క్యాప్షన్‌లో కలిపేస్తాం కదా, ఇక్కడ అలా కలపకూడదు. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

రిపోర్టర్ ఖాతాకు సాధారణంగా Contributor అనే స్థాయి ఇస్తారు. ఆ స్థాయిలో వార్త రాయొచ్చు గానీ ప్రచురించడం కుదరదు. వాళ్లకు Publish బదులు Submit for Review అనే బటన్ వస్తుంది. అది నొక్కితే వార్త Pending అనే స్థితిలో డెస్క్ ముందుకు వస్తుంది. వర్డ్‌ప్రెస్ మామూలు అమరికలో ఈ స్థాయి వాళ్లు ఫొటో కూడా ఎక్కించలేరు, వార్త ప్రచురణ అయ్యాక తమ వార్తనే తాము దిద్దలేరు. డెస్క్‌లో మీకు Editor స్థాయి ఉంటే అందరి వార్తలూ దిద్ది ప్రచురించొచ్చు. సైట్ రూపాన్ని, సెట్టింగులను ముట్టుకునే అధికారం Administrator కి మాత్రమే. ఎవరు ఏం మార్చారో Revisions లో నిలవ ఉంటుంది. పొరపాటున ఒక పేరా ఎగిరిపోయినా పాత ప్రతిని వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు వార్త మీ ముందు ఉంది. ఇన్‌స్టాలో మీకు ఎప్పుడూ ఎదురుపడని గడి ఒకటి ఇక్కడ ఉంది. దాని పేరు స్లగ్, అంటే వార్త లింకులో చివరి భాగం. మీరేమీ రాయకపోతే వర్డ్‌ప్రెస్ హెడ్డింగ్‌నే తీసుకుని స్లగ్ చేసేస్తుంది. తెలుగు హెడ్డింగ్‌తో ఇక్కడే చిక్కు. లింకులో పెట్టడానికి ప్రతి తెలుగు గుర్తునూ తొమ్మిది క్యారెక్టర్లుగా మార్చాలి. 'న' ఒక్కటే `%E0%B0%A8` అవుతుంది. గుణింతం గుర్తులు, పొల్లు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. స్లగ్‌కు వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200 క్యారెక్టర్లు. మన హెడ్డింగ్‌లో 'నాగార్జునసాగర్' అన్న ఒక్క మాటకే 126 పోతాయి. 'గేట్లు' దాటేసరికి చోటు అయిపోవస్తుంది. చివరికి లింకు ఇలా తెగుతుంది:

```
నాగార్జునసాగర్-26-గేట్లు-ఎ
```

వాట్సాప్‌లో ఎవరికైనా పంపితే ఇది కూడా చాలాసార్లు శాతం గుర్తులు, అంకెలతో నాలుగు లైన్ల పొడవున కనిపిస్తుంది. అందుకని చాలా తెలుగు డెస్కుల్లో స్లగ్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో చేత్తో రాస్తారు: `nagarjuna-sagar-gates-lifted`. అందులో 26 అన్న అంకె నేను పెట్టలేదు. కావాలనే పెట్టలేదు.

ఎందుకంటే ఈ వార్త ప్రచురించిన అరగంటకు రిపోర్టర్ ఫోన్ చేసి, 'డ్యామ్‌కు ఉన్న గేట్లు 26, ఇప్పుడు ఎత్తినవి 20 మాత్రమే' అన్నారనుకోండి. మీరు హెడ్డింగ్‌లో, వార్తలో అంకె మార్చి సేవ్ చేస్తారు. అంతే, హోమ్ పేజీలో, నల్గొండ విభాగంలో, సైట్‌లో వెతికితే వచ్చే జాబితాలో అన్నిచోట్లా హెడ్డింగ్ మారిపోతుంది. సీఎంఎస్‌లోని అసలు కిటుకు ఇదే. వార్తకు ఎక్కడా తయారైన పేజీ అంటూ ఉండదు. హెడ్డింగ్, వార్త, తేదీ, రాసినవారు, స్థితి ఇవన్నీ డేటాబేస్‌లో విడివిడి గడుల్లో ఉంటాయి. పాఠకుడు లింకు నొక్కినప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ గడుల్లోంచి తీసి, థీమ్ అనే అచ్చులో పోసి, అప్పటికప్పుడు పేజీ కట్టి ఇస్తుంది. హోమ్ పేజీకి హెడ్డింగ్, ఫొటో మాత్రమే తీసుకుంటుంది, వార్త పేజీకి అన్నీ తీసుకుంటుంది. అందుకే హెడ్డింగ్‌ను, వార్తను కలిపి రాయకూడదన్నది. కలిపేస్తే దేన్ని విడిగా తీయాలో దానికి తెలియదు.

అయితే సవరణ చేరని చోట్లు కూడా ఉన్నాయి. పని నేర్చుకున్నవాళ్లకీ నేర్చుకోనివాళ్లకీ తేడా అక్కడ తెలుస్తుంది.

మొదటిది ఫొటో. ఇన్‌స్టా అలవాటుతో మీరు '26 గేట్లు ఎత్తివేత' అని ఫొటో మీదే పెద్ద అక్షరాలతో డిజైన్ చేసి పెట్టారనుకోండి. సీఎంఎస్ దృష్టిలో అది వట్టి బొమ్మ. హెడ్డింగ్ మార్చినా ఆ బొమ్మలో 26 అలాగే ఉంటుంది. గూగుల్‌లో వెతికేవాళ్లకు, చూపు లేక స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్లకు కూడా బొమ్మ మీది అక్షరాలు నమ్మకంగా అందవు. కాబట్టి మాటలు హెడ్డింగ్ గడిలో, మాటల్లేని ఫొటో ఫొటో గడిలో, ఆ ఫొటోలో ఏముందో చెప్పే ఒక వాక్యం Alt text గడిలో పెట్టండి.

రెండోది లింకు. స్లగ్‌లో 26 అని ఉంటే అదీ తప్పుగానే మిగిలిపోయేది. మార్చొచ్చు కదా అంటారేమో. వర్డ్‌ప్రెస్ పోస్టులకైతే పాత స్లగ్‌ను గుర్తు పెట్టుకుని, పాత లింకు నొక్కినవాళ్లను కొత్తదానికి పంపుతుంది. అన్ని సీఎంఎస్‌లూ ఆ పని చేయవు. అప్పుడు అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న లింకు నొక్కితే పేజీ దొరకలేదని చెప్పే '404' వస్తుంది. ప్రచురించాక స్లగ్ జోలికి వెళ్లకుండా ఉండడమే మంచిది. మారే అవకాశమున్న అంకెల్ని, ముఖ్యంగా మృతుల సంఖ్యను, స్లగ్‌లో అసలు పెట్టకండి.

మూడోది మీకు బాగా పరిచయమైన చోటే, ఫేస్‌బుక్. లింకు షేర్ చేసినప్పుడు ఫొటో, హెడ్డింగ్‌తో వచ్చే చిన్న పెట్టెను ఫేస్‌బుక్ మొదట చూసినప్పుడే తీసి తన దగ్గర దాచుకుంటుంది. మీరు సైట్‌లో దిద్దినా అక్కడ కొంతకాలం పాతదే కనిపిస్తుంది. ఫేస్‌బుక్ వాళ్లదే Sharing Debugger అనే పేజీ ఉంది. అందులో మీ లింకు వేసి Scrape Again నొక్కితే కొత్త హెడ్డింగ్ తీసుకుంటుంది.

నాలుగోది క్యాష్. లక్షల మంది వచ్చే సైట్ ప్రతి ఒక్కరికీ పేజీ మొదటి నుంచి కడుతూ కూర్చుంటే సర్వర్ మొరాయిస్తుంది. అందుకని కట్టిన పేజీ నకలు ఒకటి కాసేపు దాచి దాన్నే అందరికీ ఇస్తారు. లాగిన్ అయి ఉన్నవాళ్లకు మాత్రం చాలా సైట్లలో తాజా పేజీయే చూపిస్తుంది. దీంతో డెస్క్‌లో మీకు 20 కనిపిస్తుంది, బయట పాఠకుడికి ఇంకా 26 కనిపిస్తుంది. 'నాకు కరెక్టుగానే ఉంది సార్' అనే ముందు బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, లాగిన్ కాకుండా ఆ పేజీ చూడండి. అక్కడ పాతదే ఉంటే క్యాష్ క్లియర్ చేయమని టెక్నికల్ టీమ్‌కు చెప్పండి.

తెలుగు డెస్క్‌కే ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. ప్రెస్‌నోట్లు, డీటీపీ సెంటర్ల నుంచి వచ్చే మ్యాటర్ ఇప్పటికీ అను ఫాంట్లలో వస్తుంటుంది. అవి యూనికోడ్ కావు, అంటే ప్రతి తెలుగు గుర్తుకూ అన్నిచోట్లా ఒకే సంకేతం ఉండే పద్ధతిలో ఉండవు. ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ఆకారాలు అమర్చిన ఫాంట్లు అవి. కాపీ చేసి సీఎంఎస్‌లో పేస్ట్ చేస్తే అర్థం లేని గుర్తులు పడతాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఆ తర్వాత ఒత్తులను ఒకసారి కళ్లతో చదివి చూసుకోవాలి, ఎందుకంటే మార్పిడిలో ఎక్కువగా దెబ్బతినేవి అవే. మీరు ఫోన్‌లో టైప్ చేసేది యూనికోడే కాబట్టి ఇది మీకు కొత్తగా అనిపించొచ్చు, ఇంటర్వ్యూలో అడిగే అవకాశమూ ఉంది.

నేర్చుకోవడానికి ఫీజు కట్టి కోర్సులో చేరాల్సిన పని లేదు. playground.wordpress.net తెరిస్తే బ్రౌజర్‌లోనే వర్డ్‌ప్రెస్ నడుస్తుంది. సేవ్ చేయకుండా ట్యాబ్ మూసేస్తే చేసిందంతా పోతుంది, అది గుర్తుంచుకోండి. చేయి అలవాటయ్యాక Local అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీ ల్యాప్‌టాప్‌లోనే ఒక సైట్ పెట్టుకోండి. మీ ఇన్‌స్టా పేజీలోని పోస్టుల్ని అందులోకి ఎక్కించండి. ఒక్కో క్యాప్షన్‌ను హెడ్డింగ్‌గా, వార్తగా విడగొట్టండి, కేటగిరీ తేల్చండి, స్లగ్, Alt text రాయండి. తర్వాత Users లో ఒక Contributor ఖాతా తెరిచి, దాంతో లాగిన్ అయి ఒక వార్త పంపండి. మళ్లీ అడ్మిన్‌గా వచ్చి దాన్ని దిద్ది ప్రచురించి, Revisions లో రెండు ప్రతుల్ని పక్కపక్కన పోల్చి చూడండి. అప్లికేషన్‌లో 'సీఎంఎస్ తెలుసు' అని కాకుండా 'వర్డ్‌ప్రెస్‌లో వార్త దిద్ది ప్రచురించడం వచ్చు' అని రాయండి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు, మీ ఆఫీసులో ఏ సీఎంఎస్ వాడుతున్నారు, సబ్ ఎడిటర్‌కు ఏ స్థాయి ఖాతా ఇస్తారు అని మీరే అడగండి.