టెక్ సందేహాలు: నెల మధ్యలో చేరితే జీతం ఎంత? ఒక మనిషికి నాలుగు జవాబులు

*"మా ఆఫీసులో నెల మధ్యలో చేరినవాళ్లకీ, మానేసినవాళ్లకీ జీతం నేనే ఎక్సెల్‌లో లెక్క కడతాను. మార్చి 12న చేరిన ఒకతనికి నా షీట్‌లో ఒక అంకె వస్తోంది, కొత్తగా కొన్న పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో వేరే అంకె వస్తోంది. ఏది తప్పు?" – ఒక పాఠకురాలు, విజయవాడ*

రెండూ తప్పు కాకపోవచ్చు. మీరు ఒక సంఖ్యతో భాగిస్తున్నారు, సాఫ్ట్‌వేర్ మరో సంఖ్యతో భాగిస్తోంది. ఇలాంటి ఉత్తరం జీతాల రోజులు వచ్చినప్పుడల్లా వస్తుంది, అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

అతని నెల జీతం 36,000 అనుకుందాం. 2026 మార్చిలో 12 నుంచి 31 వరకు, రెండు చివర్లూ కలిపి 20 రోజులు. నెలలో ఉన్న అసలు రోజులతో భాగిస్తే 36,000 × 20 ÷ 31, అంటే 23,226. ఏ నెలైనా 30 రోజులే అని పట్టుకుని పనిచేసిన రోజులకు ఇస్తే 20/30, అంటే 24,000. అదే 30 పెట్టుకుని, రాని 11 రోజులకు కోత కోస్తే 19/30 మిగిలి 22,800 అవుతుంది. ఆదివారాలు తీసేసి పనిదినాలతో లెక్కిస్తే మార్చిలో 26 పనిదినాలు, అతను చేరాక 17, కాబట్టి 23,538. మనిషి ఒకడే, చేరిన తేదీ ఒకటే, అంకెలు నాలుగు. పెద్దదానికీ చిన్నదానికీ మధ్య తేడా 1,200 రూపాయలు.

వీటిలో ఏది వాడాలో కంపెనీ ముందే నిర్ణయించుకుని నియామక పత్రంలోనో, జీతాల పాలసీలోనో రాసిపెట్టాలి. ఒకసారి నిర్ణయించాక చేరేవాళ్లకూ మానేసేవాళ్లకూ అదే పద్ధతి ఉండాలి. చేరేటప్పుడు ఒకటి, వెళ్లేటప్పుడు మరొకటి వాడితే గొడవ ఖాయం. 26 అనే సంఖ్యను చాలామంది గ్రాట్యుటీ లెక్క నుంచి తెచ్చుకుంటున్నారు. అక్కడ నెల వేతనాన్ని 26తో భాగించి, ఏడాదికి 15 రోజుల చొప్పున కడతారు కాబట్టి ఇక్కడా అంతే అనుకుంటున్నారు. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు.

నన్నడిగితే నెలలో ఉన్న అసలు రోజులతో భాగించడమే మేలు. స్థిరంగా 30 పెట్టుకోవడంలో ఏం పోతుందో ఫిబ్రవరిలో తెలుస్తుంది. 2026 ఫిబ్రవరి 1 ఆదివారం. సోమవారం 2న చేరిన మనిషికి 27 రోజులు వస్తాయి. 27/30 వేస్తే 36,000 జీతానికి 32,400 చేతికొస్తుంది. ఒక్క ఆదివారం లేనందుకు 3,600 పోయింది! అసలు రోజులతో 27/28 వేస్తే 34,714. ఇక కోత పద్ధతిలో మార్చి 31న చేరినవాడి సంగతి చూడండి. రాని రోజులు 30, కోత 30/30, ఒక రోజు పనిచేసినా జీతం సున్నా. ఇంత తేడా తెచ్చే సెట్టింగ్‌ను కొన్ని పేరోల్ సాఫ్ట్‌వేర్లు ఎక్కడో మూడో మెనూలో దాచి, ముందే 30 అని పెట్టేసి అమ్ముతున్నాయి. కొనేటప్పుడు ఎవరూ అడగరు, పెట్టేటప్పుడు ఎవరూ చెప్పరు. పే స్లిప్ మీద "20/31 రోజులు" అని అచ్చయితే చాలు, ఉద్యోగే సరిచూసుకుంటాడు. ఆ ఒక్క గీత వేయడానికి కూడా బద్ధకిస్తున్నారు.

ఇప్పుడు మీ షీట్. ఎక్కువమంది చేసే తప్పు 31లోంచి 12 తీసేసి 19 అనుకోవడం. చేరిన రోజు కూడా పని రోజే కాబట్టి చివర 1 కలపాలి. B లో నెల జీతం, C లో చేరిన తేదీ, D లో చివరి రోజు (ఇంకా ఉద్యోగంలో ఉంటే ఖాళీ), H1 లో ఆ నెల మొదటి తేదీ పెట్టండి. E2 లో రోజులు:

```
=IF(AND(ISNUMBER(C2), OR(D2="", ISNUMBER(D2))),
 MAX(0, MIN(EOMONTH($H$1,0), IF(D2="", EOMONTH($H$1,0), D2))
 - MAX($H$1, C2) + 1), "CHECK")
```

F2 లో జీతం:

```
=ROUND(B2 * E2 / DAY(EOMONTH($H$1,0)), 0)
```

నెల మధ్యలో చేరినా, మానేసినా, ఒకే నెలలో చేరి మానేసినా ఇదే సూత్రం పనిచేస్తుంది. E2 లో 20 బదులు 20-01-1900 లాంటిది కనిపిస్తే కంగారు పడకండి. లెక్క సరిగ్గానే ఉంది, ఆ గడిని తేదీలా చూపిస్తోందంతే. ఫార్మాట్‌ను నంబర్‌కు మార్చండి.

సూత్రం ముందు పెట్టిన ISNUMBER అలంకారం కాదు. అది లేకపోతే ఏమవుతుందో చెబుతాను. కంప్యూటర్ రీజియన్ అమెరికా పద్ధతిలో, అంటే నెల ముందు, రోజు తర్వాత ఉందనుకోండి. మీరు 12/03/2026 అని కొడితే ఎక్సెల్ దాన్ని డిసెంబర్ 3గా చదువుతుంది. ఆ మనిషి మార్చికి ఇంకా చేరనే లేదు, రోజులు సున్నా. ఇది కంటికి కనిపిస్తుంది, కనీసం అతనే వచ్చి అడుగుతాడు. 13/03/2026 అని కొడితే మాత్రం పదమూడో నెల ఉండదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తేదీగా తీసుకోకుండా మామూలు అక్షరాలుగా ఉంచేస్తుంది. MAX అలాంటి గడిని పట్టించుకోదు, H1 లో ఉన్న ఒకటో తేదీనే తీసుకుంటుంది. అంటే 13న చేరినవాడికి ఎర్రర్ ఏమీ రాకుండా 31 రోజుల జీతం పడిపోతుంది. ఎక్కువ వచ్చినవాళ్లు వచ్చి చెప్పడం అరుదు.

గుర్తుపట్టడం తేలిక. నిజమైన తేదీ గడిలో కుడివైపు ఉంటుంది, అక్షరాలుగా మిగిలినది ఎడమవైపు అతుక్కుని ఉంటుంది. పై సూత్రమైతే అలాంటి చోట CHECK అని చూపించి, జీతం గడిలో #VALUE! తెస్తుంది. ఆ ఎర్రర్‌ను IFERROR తో కప్పేయకండి, అది మనకు కావాల్సిందే. తేదీలు 13-Mar-2026 అని నెల పేరుతో కొడితే ఈ గందరగోళమే ఉండదు. వేరే ఫైల్ నుంచి తెచ్చి పేస్ట్ చేసిన వాటిలో అక్షరాలుగా మిగిలిన వాటిని Text to Columns లో DMY ఎంచుకుని సరిచేయొచ్చు. కానీ అప్పటికే నెల, రోజు తారుమారైన తేదీలను అది బాగుచేయదు. ఒకటి నుంచి పన్నెండో తారీఖు వరకు చేరినవాళ్లవి ఒక్కొక్కటీ చూసి తిరిగి కొట్టాల్సిందే.

బేసిక్, ఇంటి అద్దె భత్యం విడివిడిగా చూపించేవాళ్లకు రూపాయి తేడా వస్తుంది. 36,000లో బేసిక్ 18,000, అద్దె భత్యం 9,000, స్పెషల్ అలవెన్స్ 9,000 అయితే 20/31కి 11,613, 5,806, 5,806. కలిపితే 23,225, మొత్తం మీద కడితే 23,226. మొత్తాన్ని ముందు తేల్చి, చివరి భాగాన్ని తీసివేతతో తెచ్చుకుంటే గొడవ లేదు.

కోతల దగ్గర ఒక్కటి మాత్రం తప్పకుండా చూడండి. అదే 36,000 మనిషి 16న చేరాడనుకుంటే మార్చి జీతం 18,581. షీట్‌లో "21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ" అని రాసుంటే అతని దగ్గర 0.75 శాతం కోసేస్తుంది. అది తప్పు. ఈఎస్‌ఐ వర్తిస్తుందా లేదా అనేది నెలంతా పనిచేస్తే వచ్చే 36,000ను బట్టి చూడాలి, ఆ నెల చేతికొచ్చిన దాన్ని బట్టి కాదు. వృత్తి పన్ను మాత్రం ఆ నెల వచ్చిన జీతాన్ని బట్టే నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా 18,581కి 150 రూపాయలు, నెలంతా వచ్చే 36,000కి 200. ఒకే షీట్‌లో ఒక కోత B గడిని చూడాలి, మరొకటి F గడిని చూడాలి.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది, నాకు అసలు భయం దాని గురించే. 2019 వేతనాల కోడ్ ప్రకారం మానేసినవాళ్లకు రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఆ తొందరలోనే జీతాల ఫైల్ చేతులు మారుతుంది. వెళ్లిపోయేవాడి వరుసను ఫిల్టర్ చేసి, మిగతావి కనిపించడం లేదు కదా అని ఫైల్‌ను అతనికి వాట్సాప్‌లో పంపిస్తారు. ఫిల్టర్ తీసేస్తే అందరి జీతాలు, బ్యాంకు ఖాతా నంబర్లు, పాన్ నంబర్లు బయటపడతాయి. కాలమ్‌ను దాచినా అంతే. Protect Sheet పెట్టాం కదా అంటారు. అది గడులు పొరపాటున చెరిగిపోకుండా ఉండటానికి, రహస్యం కాపాడటానికి కాదు. .xlsx ఫైల్ లోపల చూస్తే జిప్ కట్టే కాబట్టి, తెలిసినవాళ్లు ఆ రక్షణను నిమిషాల్లో తీసేస్తారు. నిజంగా తాళం వేయాలంటే File > Info > Protect Workbook > Encrypt with Password. ఉద్యోగికి మాత్రం ఎక్సెల్ ఫైల్ పంపనే వద్దు. అతని ఒక్క వరుసను కొత్త ఫైల్‌లో విలువలుగా పేస్ట్ చేసి పీడీఎఫ్‌గా ఇవ్వండి.

ఆన్‌లైన్ షీట్ వాడేవాళ్లు "Anyone with the link" పెట్టేసి మర్చిపోతున్నారు. మార్చిలో మానేసినవాడు ఆగస్టులో కూడా అదే లింకు తెరిచి కొత్తగా వచ్చినవాళ్ల జీతాలు చూడగలడు. D గడిలో చివరి తేదీ వేసిన రోజే షేరింగ్ జాబితాలోంచి ఆ పేరు తీసేయండి, లింకును Restricted చేయండి. ఇంకో మోసం కూడా జరుగుతోంది. వెళ్లిపోయిన ఉద్యోగి పేరుతో "నా ఆఖరి జీతం ఈ కొత్త ఖాతాలో వేయండి" అని మెయిల్ వస్తుంది. మనిషి ఆఫీసులో లేడు, మెయిల్ అతనిదే అనిపిస్తుంది, డబ్బు వేసేస్తారు. ఖాతా మార్చమని ఎవరడిగినా ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా, చేరినప్పుడు అతను ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి అడిగాకే మార్చండి.

ఇక మీ సాఫ్ట్‌వేర్. అది ఏ సంఖ్యతో భాగిస్తోందో తెలుసుకోవడానికి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయనక్కర్లేదు. డమ్మీ ఉద్యోగి ఒకరిని 36,000 జీతంతో, 12-Mar-2026 చేరిక తేదీతో ఎక్కించి మార్చి జీతం నడిపి చూడండి. 23,226 వస్తే నెలలో ఉన్న అసలు రోజులు. 24,000 లేదా 22,800 వస్తే 30, 23,538 వస్తే పనిదినాలు. ప్రతి అప్‌డేట్ తర్వాతా ఇదే పరీక్ష మళ్లీ చేయండి. సెట్టింగ్ మారితే ముగిసిపోయిన నెలలను కూడా తిరిగి లెక్కించేసే సాఫ్ట్‌వేర్లున్నాయి. కాబట్టి సెట్టింగ్ ముట్టుకునే ముందు పాత నెలల జీతాల రిజిస్టర్‌ను పీడీఎఫ్‌గా దించి పెట్టుకోండి. పరీక్ష అయ్యాక ఆ డమ్మీ పేరు తీసేయండి, లేకపోతే బ్యాంకుకు వెళ్లే ఫైల్‌లో అది కూడా వరుసగా చేరుతుంది.