సోయా ఎల్‌డీఎల్‌ని తగ్గిస్తుంది, కానీ పళ్లెంలోంచి ఏదో ఒకటి బయటికి పోవాలి

ప్రశ్న: "నా ఎల్‌డీఎల్ 150 దాటింది. రోజూ మీల్ మేకర్, టోఫు తింటే తగ్గుతుందంటున్నారు. నిజమేనా? ఎంత తినాలి?"

ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, తగ్గుతుంది. కాకపోతే మీరనుకున్నంత కాదు. మా ఇంట్లో ఏడాది పాటు జరిగిన తతంగం చెప్తాను, లెక్క మీకే తెలుస్తుంది.

నాకు 46 ఏళ్లు. తెనాలి దగ్గర పుట్టి, పద్దెనిమిదేళ్లుగా బెంగళూరులో మారతహళ్లి పక్కన ఉంటున్నాను. మా నాన్నకి 54కే గుండెపోటు వచ్చింది. అందుకే ఏటా లిపిడ్ ప్రొఫైల్ చేయిస్తాను. పోయినేడాది రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 238, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 42, రక్తంలోని ఇంకో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్స్ 190 వచ్చాయి. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ని కొలవవు, లెక్క కడతాయి. 238 లోంచి 42 తీసి, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు 38 కూడా తీసేస్తే 158. అదే నా ఎల్‌డీఎల్.

రోజూ సోయా తింటే చాలని మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున వాకింగ్‌కి వచ్చే ఒకాయన ధైర్యం చెప్పాడు. అదే గుంపులో ఇంకొకాయన సోయా తింటే మగవాళ్లకి ఆడ లక్షణాలు వస్తాయన్నాడు. మామూలు మోతాదులో తింటే పురుష హార్మోన్ మీద ప్రభావం ఏమీ కనబడలేదని పరిశోధనలు చెప్తున్నాయి. అయినా ఆ మాటని మా బ్లాక్‌లోంచి వెళ్లగొట్టడం ఎవరి తరమూ కాదు.

సరే, మొదలుపెట్టాం. నెల తిరక్కుండా మా అత్తయ్య ఊరి నుంచి వచ్చారు. "అల్లుడుగారికి కొవ్వెక్కిందట, మీల్ మేకర్ కావాలట" అని నవ్వుకుంటూనే ఆవిడ వంటిల్లు చేతిలోకి తీసుకున్నారు. నానబెట్టి పిండిన ముక్కల్ని నేతిలో ఎర్రగా వేయించి, కొబ్బరి, జీడిపప్పు ముద్ద వేసి కుర్మా చేశారు. అబ్బ, ఏం రుచి! మటన్ కూర గుర్తొచ్చింది. ఓ ఆదివారం కుతూహలం కొద్దీ ఆవిడ బాణలిలో వేసే నెయ్యిని చెంచాతో కొలిచాను. నలుగురికి నాలుగు పెద్ద చెంచాలు. చివరికి బాణలిలో చుక్క మిగల్లేదు. స్పాంజిలా ఉండే ముక్క, దొరికింది దొరికినట్టు పీల్చేస్తుంది. "ఇంత నెయ్యి ఎందుకత్తయ్యా?" అంటే, "నెయ్యి లేకపోతే ఆ గడ్డి గొంతు దిగుతుందా బాబూ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. రెండోసారి వడ్డించుకున్నాను.

మూడు నెలల తర్వాత 241, 43, 200. లెక్క కట్టి చూస్తే మళ్లీ 158! తొంభై రోజులు సోయా తిన్నవాడికి ఒక్క పాయింటు కదల్లేదు. నెయ్యిలోనూ కొబ్బరిలోనూ ఉండేది ఎక్కువగా ఎల్‌డీఎల్‌ని పెంచే సంతృప్త కొవ్వే. ఒక చేత్తో ఇచ్చినదాన్ని ఇంకో చేత్తో లాక్కున్నాను. పైగా రాత్రిపూట పనీర్ మాననేలేదు.

ఇక్కడే అసలు సంగతి. 1995లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష సోయా ప్రొటీన్ ఎల్‌డీఎల్‌ని 13 శాతం దాకా తగ్గిస్తుందని చెప్పింది. దాని ఊపులో 1999లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ రోజుకి 25 గ్రాముల సోయా ప్రొటీన్ గుండెకి మంచిదని ప్యాకెట్ల మీద రాసుకోనిచ్చింది. తర్వాతి పరీక్షల్లో ఆ అంకె కరిగిపోతూ 3, 4 శాతం దగ్గర ఆగింది. 2017లో అదే సంస్థ ఆ అనుమతిని వెనక్కి తీసుకోవాలని ప్రతిపాదించింది. మీకు 150 ఉంటే సోయా సొంతంగా తగ్గించేది 5, 6 పాయింట్లు. మీరు ఏమీ మార్చకపోయినా ఎల్‌డీఎల్ ఒక పరీక్షకీ ఇంకో పరీక్షకీ అంతకంటే ఎక్కువే ఊగుతుంది. కాబట్టి ఒక్క రిపోర్టు చూసి "సోయా పనిచేసింది" అని గంతులేసేవాళ్లని నేను నమ్మను. ఒకే ల్యాబులో, బరువు నిలకడగా ఉన్నప్పుడు, ఆరు నుంచి ఎనిమిది వారాల తేడాతో రెండు సార్లు చూసుకోవాలి.

మరి నాకు తగ్గిందా? తగ్గింది, రెండో విడతలో. ఈసారి సోయాని కలపలేదు, మార్చాను. రాత్రి తినే 150 గ్రాముల పనీర్ తీసేసి, అంతే టోఫు పెట్టాను. అంత పనీర్‌లో దాదాపు 20 గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటుంది, టోఫులో ఒకటి రెండు గ్రాములే. మధ్యాహ్నానికి ఎండు మీల్ మేకర్ 25 గ్రాములు, తూకం వేసి. ఇందులో 13 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. టోఫుతో కలిపితే 25 దాటిపోతుంది. టోఫు వద్దనుకుంటే 50 గ్రాముల ఎండు మీల్ మేకర్ ఒక్కటే చాలు.

వండే పద్ధతి చెప్తా. ఉప్పేసిన మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి, చల్లటి నీళ్లు పోసి, గట్టిగా పిండాలి. నీళ్లు తెల్లగా వస్తున్నంతసేపు ఇంకో రెండుసార్లు పిండండి. ఆ పచ్చి వాసన పోలేదంటే పిండడంలో బద్ధకించినట్టే. తర్వాత ఉల్లిపాయ, టమాటా, ఒక్క చెంచా వేరుశనగ నూనె. మా ఆవిడ టోఫుని చిదిమి కోడిగుడ్డు పొరటులా చేస్తుంది. పిల్లలకి తేడా తెలియలేదు. నాకు తెలిసింది, చెప్పలేదు.

మూడో రిపోర్టు 214, 43, 160. అంటే 139. 19 పాయింట్లు తగ్గింది. ఇందులో సోయా వాటా ఐదారేనని నా లెక్క. మిగతాది పనీర్, నెయ్యి, కొబ్బరి పళ్లెం దిగిపోయినందుకు. ఆకలేసినప్పుడు వాటి చోట కూర్చోడానికి సోయా ఉంది కాబట్టి అవి దిగాయి, ఆ క్రెడిట్ దానికివ్వాలి.

సోయా అని పేరున్న ప్రతిదీ లెక్కలోకి రాదు. సోయా సాస్‌లో ఉండేది ఉప్పు. చక్కెర కలిపిన సోయా పాలు, సోయా బిస్కట్లు వ్యాపారం. ఇక ఆన్‌లైన్‌లో టోఫు పెడితే రెండుసార్లు పనీర్ పంపారు. కంప్లైంట్ చేస్తే "సిమిలర్ ఐటెం సర్" అన్నారు.

ఇంట్లో ఎవరైనా థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే జాగ్రత్త. మా ఆవిడ పొద్దున మాత్ర వేసుకున్న కాసేపటికే నాతోపాటు సోయా పాలు తాగేది, థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ పెరిగింది, అంటే మందు చాలట్లేదన్నమాట. సోయా ఆ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. డాక్టరు నాలుగు గంటల ఎడం పెట్టమన్నారు. ఆరింటికి మాత్ర, సోయా మధ్యాహ్నం.

139 చూసి మా డాక్టరు మెచ్చుకుని, మా నాన్న సంగతి అడిగి, కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర రోసువాస్టాటిన్ 10 రాశారు. రెండు నెలల్లో ఎల్‌డీఎల్ 77కి వచ్చింది. మీకు మాత్ర రాసి ఉంటే మీల్ మేకర్‌ని నమ్ముకుని ఆపకండి. మా అత్తయ్య సంక్రాంతికి మళ్లీ వస్తున్నారు. నెయ్యి డబ్బా పై అరలోకి ఎక్కించేశాను, స్టూల్ ఎక్కినా ఆవిడకి అందదు.