రోజూ రాత్రి బ్యాకప్ తీస్తుంటే ఆర్‌పీఓ ఎంత, ఆర్‌టీఓ ఎంత అని రాయాలి?

ప్రశ్న: మా ఆఫీసులో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది. రోజూ రాత్రి రెండింటికి బ్యాకప్ తీస్తాం. ఆడిటర్ ఆర్‌పీఓ, ఆర్‌టీఓ రాసివ్వమన్నారు. రెండూ నాలుగు గంటలని రాసేస్తే సరిపోతుందా? అసలు ఇవి ఎలా తేల్చుకోవాలి?

జవాబు:

సరిపోదండి. రాత్రికొక్కసారి తీసే బ్యాకప్‌తో నాలుగు గంటల ఆర్‌పీఓ రాదు, 24 గంటలు కూడా రాదు. లెక్క చూడండి. రెండింటికి మొదలైన డంప్‌లో ఆ రెండింటి వరకు ఉన్న డేటానే ఉంటుంది. అది 3:20కి పూర్తయి, వేరే బిల్డింగుకి కాపీ అయ్యేసరికి ఐదు అవుతుందనుకుందాం. 4:50కి సర్వర్ రూములో నిప్పంటుకుంటే మీ చేతిలో మిగిలేది నిన్న రాత్రి రెండింటిదే. అంటే దాదాపు 27 గంటల పని పోయినట్టు. ఎంతసేపటి పని పోతే తట్టుకోగలమన్నది ఆర్‌పీఓ. పడిపోయాక ఎంతసేపట్లో మళ్ళీ పని మొదలవ్వాలన్నది ఆర్‌టీఓ. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు, వాటికి చేసే ఏర్పాట్లూ వేరు.

నాకిది తెలిసొచ్చింది ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో పనిచేసినప్పుడు. డేటాబేస్ 180 జీబీ. ఒక మంగళవారం సాయంత్రం నాలుగున్నరకి రెయిడ్ కంట్రోలర్ పోయింది. ఉదయం ఆరు నుంచి కౌంటర్లో ఎక్కించిన పేషెంట్లు, బిల్లులు, రిపోర్టులు ఏవీ ఆ రాత్రి రెండింటి డంప్‌లో లేవు. స్పేర్ మెషిన్ దొరికేసరికి ఎనిమిదైంది. అక్కణ్ణుంచి pg_restore ఐదు గంటలు నడిచింది. డేటా గంటన్నరలో ఎక్కేసింది, మిగతా టైమంతా ఇండెక్సులు మళ్ళీ కట్టడానికే పట్టింది. డంప్ ఫైలు ఎంత చిన్నగా ఉన్నా దాన్నుంచి తిరిగి లేపడం ఎందుకు ఆలస్యమవుతుందో ఆ రాత్రి కూర్చుని చూశాను.

తర్వాత మేం చేసిన మంచి పని, అంకెలు సర్వర్ రూములో కాకుండా కౌంటర్ దగ్గర తేల్చుకోవడం. శాంపిల్స్ తీసుకునే ఆవిడని అడిగితే, "రెండు గంటలైతే పుస్తకంలో రాసుకుని నెట్టుకొస్తాం సార్, అంతకు మించితే ఏ ట్యూబ్ ఎవరిదో కలిసిపోతుంది" అంది. మా ఆర్‌టీఓ అక్కడే రెండు గంటలుగా తేలింది. ఆర్‌పీఓకి అడగాల్సింది, పోయినదాన్ని ఇంకెక్కణ్ణుంచైనా తిరిగి తెచ్చుకోగలమా అని. మెషిన్ నుంచి వచ్చే రీడింగులు కొన్ని రోజులపాటు ఆ మెషిన్ మెమరీలోనే ఉంటాయి, కాబట్టి వాటికి ఒక రోజు తేడా వచ్చినా ఫర్వాలేదు. డాక్టరు చేత్తో టైపు చేసిన అభిప్రాయం, కౌంటర్లో కట్టించుకున్న డబ్బు మాత్రం ఇంకెక్కడా లేవు. వాటికోసం ఐదు నిమిషాలు పెట్టుకున్నాం.

ఐదు నిమిషాలన్నాక ఎన్ని డంపులు తీసినా లాభం లేదు. చేసిన ప్రతి మార్పునీ పోస్ట్‌గ్రెస్ ముందుగా వాల్ ఫైళ్ళలో రాసుకుంటుంది, ఒక్కోటి 16 ఎంబీ. pg_basebackupతో ఒక పూర్తి కాపీ తీసి, ఆ తర్వాతి వాల్ ఫైళ్ళను ఎప్పటికప్పుడు వేరే చోటికి పంపిస్తే, కావాల్సిన నిమిషానికి డేటాబేస్‌ని తెచ్చుకోవచ్చు.

```
archive_mode = on
archive_timeout = 300
archive_command = 'test ! -f /mnt/wal/%f && cp %p /mnt/wal/%f'
```

పని పల్చగా ఉండి ఫైలు నిండకపోయినా, మార్పులేమైనా జరిగి ఉంటే 300 సెకన్లకు దాన్ని మూసి పంపించేస్తుంది. దీంతోపాటు రెండో బిల్డింగులో ఒక స్టాండ్‌బై పెట్టాం. మెషిన్ పోతే దాన్ని ప్రమోట్ చేస్తే చాలు, ఇరవై నిమిషాల్లో కౌంటర్లు తెరుచుకుంటాయి. రెండు గంటల ఆర్‌టీఓకి ఇక ఢోకా లేదనుకున్నాం.

ఆ ధీమా కొన్నాళ్ళే నిలిచింది. ఒక శుక్రవారం ఎవరో WHERE లేకుండా UPDATE కొట్టారు, రిపోర్టులన్నిటి మీదా ఒకే డాక్టరు పేరు పడింది. మేం గమనించేలోపే స్టాండ్‌బైలోకీ అదే వెళ్ళిపోయింది. యథాతథంగా అనుసరించడమే దాని పని, తప్పు జరిగితే తప్పునీ అలాగే అనుసరిస్తుంది. ఇక మిగిలింది ఆదివారం తీసిన పూర్తి కాపీ, దాని మీద ఐదు రోజుల వాల్ ఫైళ్ళు. వేరే మెషిన్లో ఆ కాపీ పరిచి, recovery.signal ఫైలు పెట్టి, UPDATE పడటానికి ఒక్క నిమిషం ముందు టైము ఇచ్చాం.

```
restore_command = 'cp /mnt/wal/%f %p'
recovery_target_time = '2022-08-05 11:19:00+05:30'
```

కాపీ పరచడం 40 నిమిషాల్లో అయింది. వాల్ ఫైళ్ళు ఎక్కడానికి మాత్రం మూడు గంటలకు పైగా పట్టింది, ఎందుకంటే ఆ పని ఒకే ప్రాసెస్ వరసగా చేసుకుంటూ పోతుంది. ఎన్ని కోర్లున్నా ఆ వరస మారదు. డేటా ఒక్క వరస కూడా పోలేదు, ఆర్‌పీఓ నిలబడింది. ఆర్‌టీఓ మాత్రం తప్పింది. నాకు విషయం అప్పుడు స్పష్టమైంది. వాల్ ఎంత తరచుగా పంపుతామన్నది ఆర్‌పీఓని నిర్ణయిస్తే, పూర్తి కాపీ ఎంత తరచుగా తీస్తామన్నది ఇలాంటప్పుడు ఆర్‌టీఓని నిర్ణయిస్తుంది. వారానికొకటి తీసే పూర్తి కాపీని రోజూ తీయడం మొదలుపెట్టాం. ఎక్కించాల్సిన వాల్ ఒక్క రోజుదే అవడంతో అది అరగంటలో అయిపోతోంది. ఇంకో మాట, ఇలా లేపిన డేటాబేస్‌ని నేరుగా కౌంటర్లకు ఇవ్వకండి. చెడిన ఆ కాలమ్ వరకే అక్కణ్ణుంచి తెచ్చి అసలు డేటాబేస్‌లో సరిచేస్తే, 11:19 తర్వాత ఎక్కిన బిల్లులు అలాగే ఉంటాయి.

మీరు పెట్టబోయే ఏర్పాటులో నేను బాగా భయపడే చోటొకటి చెప్పాలి. /mnt/wal నెట్‌వర్క్ మౌంట్ అనుకోండి. రీబూట్ తర్వాత మౌంట్ కాకపోయి, ఆ పేరుతో లోకల్ ఫోల్డర్ అక్కడే ఉండి, అందులో రాసే పర్మిషన్ కూడా ఉంటే, cp హాయిగా అందులోకే కాపీ చేసేస్తుంది. pg_stat_archiverలో failed_count పెరగదు, last_archived_time తాజాగానే కనిపిస్తుంది. కానీ ఫైళ్ళన్నీ పోబోయే ఆ డిస్కులోనే పడుతుంటాయి. అందుకే తనిఖీని డేటాబేస్ సర్వర్ మీద కాకుండా ఫైళ్ళు చేరాల్సిన మెషిన్ మీద పెట్టండి. పగటిపూట అక్కడ పది నిమిషాలు దాటినా కొత్త ఫైలు రాకపోతే ఫోన్ మోగాలి. మౌంట్ పాయింట్ ఫోల్డర్‌లో రాసే హక్కు postgres యూజర్‌కి లేకుండా చేసినా మేలే, అప్పుడు మౌంట్ లేకపోతే cp ఫెయిలవుతుంది. ఆ ఫైళ్ళు pg_walలో పోగుపడి డిస్క్ నిండే ప్రమాదం ఉంటుంది గానీ, కనీసం అది బయటికి కనిపించే ప్రమాదం.

ఆడిటర్‌కి ఒకే అంకె కాకుండా దేనికి ఎంతో విడిగా రాయండి: మెషిన్ పోతే, బిల్డింగ్ పోతే, మనిషి పొరపాటున డేటా చెరిగితే. ఈ రోజున్న ఏర్పాటుకి ఆర్‌పీఓ దగ్గర 27 గంటలనే రాయండి, లేదా మీ డంప్ కాపీ అయ్యే టైము చూసి వచ్చిన అంకె రాయండి. ఆర్‌టీఓ మాత్రం ఊహించి రాయొద్దు. ఈ ఆదివారం ఖాళీ మెషిన్ ఒకటి తీసుకుని, డంప్ ఎక్కించి, లాగిన్ అయి ఒక బిల్లు ప్రింట్ తీసేదాకా గడియారం చూడండి. బ్యాకప్ దూరంగా ఉంటే లైను వేగమూ కలపాలి, 300 జీబీని 100 ఎంబీపీఎస్ లైను మీద తెచ్చుకోవడానికే ఆరు గంటల 40 నిమిషాలు పడుతుంది. దానికి స్పేర్ మెషిన్ తెప్పించడానికి పట్టే సమయం, పడిపోయిందని ఎవరైనా గమనించడానికి పట్టే సమయం కలిపితే వచ్చేదే మీ ఆర్‌టీఓ.