పుస్తకంలోని అధ్యాయాన్ని విడి సమీక్షా వ్యాసంగా మార్చడం ఎలా?

ప్రశ్న: కొన్నేళ్ల కిందట ఒక సంకలన గ్రంథానికి అధ్యాయం రాశాను. కొత్త ఉపోద్ఘాతం చేర్చి, విషయాన్ని తాజాపరిచి, దాన్ని జర్నల్‌కు సమీక్షా వ్యాసంగా పంపాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? పాత పాఠంలో ఎంత ఉంచుకోవచ్చు?

జవాబు: తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతులపై నేను రాసిన అధ్యాయాన్ని ఇలాగే వ్యాసంగా మార్చాను కాబట్టి, ఆ పని సాగిన క్రమంలోనే చెబుతాను.

ముందుగా ప్రచురణ సంస్థతో చేసుకున్న ఒప్పందాన్ని బయటికి తీసి చదవండి. కాపీరైట్‌ను పూర్తిగా బదిలీ చేసి ఉంటే, పాఠం మీరు రాసినదే అయినా తిరిగి వాడుకోవడానికి ఆ సంస్థ లిఖితపూర్వక అనుమతి కావాలి. బొమ్మలకూ పట్టికలకూ ఇదే వర్తిస్తుంది. రంగులు మార్చి మళ్లీ గీసినంత మాత్రాన బొమ్మ కొత్తది కాదు. అధ్యాయానికి సహరచయితలు ఉంటే వారి సమ్మతీ అవసరమే. కొన్ని జర్నళ్లు తాము ఆహ్వానించిన సమీక్షలనే తీసుకుంటాయి, అందువల్ల సంపాదకులకు సంక్షిప్త ప్రతిపాదన పంపి, పాత అధ్యాయం సంగతి అందులోనే చెప్పడం మంచిది.

ఇక అసలు పని ఉపోద్ఘాతంతో మొదలవుతుంది. పాత అధ్యాయానికి ముందు రెండు పేరాలు అతికిస్తే సరిపోదు, ఎందుకంటే అధ్యాయం తన పక్కనున్న అధ్యాయాల మీద ఆనుకుని నిలబడుతుంది. మా గ్రంథంలో ఫ్లోరైడ్ రాళ్లలోంచి నీటిలోకి ఎలా చేరుతుందో ఒక అధ్యాయం, ఫ్లోరోసిస్ లక్షణాలపై మరొకటి ఉండడంతో, నేను నేరుగా పద్ధతుల వర్ణనలోకి దిగాను: పటిక, సున్నం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి, యాక్టివేటెడ్ అల్యూమినా, ఎముకల బొగ్గు, ఆర్వో. విద్యార్థికి ఆ వరస చాలు. సమీక్ష చదివేవాడికి మాత్రం ‘ఇవన్నీ తెలిసినవే, ఇప్పుడు మళ్లీ ఎందుకు?’ అన్న సందేహానికి మొదటి పుటలోనే సమాధానం దొరకాలి.

నాకు ఆ సమాధానం పద్ధతులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినప్పుడు దొరికింది. ప్రయోగశాలలో పనిచేసే పద్ధతి ఊళ్లో ఎందుకు నిలవదన్నదే కొత్త వ్యాసానికి ప్రశ్న అయింది. నల్లగొండ పద్ధతినే తీసుకుంటే, పటిక మోతాదు ఫ్లోరైడ్ మీదే కాక నీటి క్షారత మీద కూడా ఆధారపడుతుంది. మోతాదు తప్పితే ఫ్లోరైడ్ మిగలవచ్చు, లేదా నీటిలో అల్యూమినియం ఎక్కువగా ఉండిపోవచ్చు. అడుగున చేరే మడ్డిని ఎక్కడో పారబోయాలి. అల్యూమినాకు కొంతకాలానికి క్షారంతోనూ, తర్వాత ఆమ్లంతోనూ పునరుద్ధరణ చేయాలి. ఆర్వోలో గాఢమైన వ్యర్థజలం మిగులుతుంది. ఇవన్నీ అధ్యాయంలో ఒక్కో పద్ధతి చివర ‘పరిమితులు’ అన్న శీర్షిక కింద చెల్లాచెదురుగా ఉండేవి. వ్యాసంలో అవే ప్రధాన భాగాలయ్యాయి: మోతాదు నియంత్రణ, నిర్వహణ, వ్యర్థం. పద్ధతుల పేర్లు ఉపశీర్షికల స్థానం నుంచి ఉదాహరణల స్థానానికి దిగాయి. పని జరిగిందో లేదో తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష ఇదే: ఉపశీర్షికల వరస పాతదే అయితే, ఉపోద్ఘాతం ఎంత బాగున్నా లోపలున్నది అధ్యాయమే.

తాజాపరచడమంటే కొత్త ప్రస్తావనలు చేర్చడం ఒక్కటే కాదు. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతం నుంచి వెలువడిన తొలి ఫ్లోరోసిస్ నివేదిక నుంచి మొదలుపెట్టి చరిత్రకు నేను ఇచ్చిన పుటలు ఒక్క వాక్యానికి తగ్గాయి. మరోవైపు, 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో తెలంగాణలో నదీజలాలను గొట్టాల ద్వారా ఊళ్లకు అందించే మార్గం ముందుకొచ్చింది. అప్పుడు ‘ఏ పద్ధతి మంచిది?’ అన్న పాత ప్రశ్న ‘వేరే నీరు అందని చోట ఏది నిలుస్తుంది?’గా మారక తప్పదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 కూడా లీటరుకు 1 మిల్లీగ్రామును ఆమోదయోగ్యమైన పరిమితిగా పెట్టి, మరో నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తుంది కనుక ఈ చట్రం ప్రమాణంతోనూ పొసిగింది. ఏ డేటాబేసుల్లో, ఏ పదాలతో, ఏ తేదీ వరకు వెతికారో ఒక పేరాలో రాయండి. అధ్యాయంలో ఎవరూ అడగని ఈ వివరాన్ని సమీక్షకులు అడుగుతారు.

పాత పాఠం ఎంత ఉంచవచ్చన్నదానికి అన్ని జర్నళ్లకూ వర్తించే ఒకే శాతం లేదు. సారూప్యతను చూపే సాఫ్ట్‌వేర్ ఇచ్చే మొత్తం అంకె కన్నా, వరుసగా పేరాలు పేరాలే కలుస్తున్నాయా అన్నది ముఖ్యం. రసాయన చర్యల వర్ణనలో పోలిక ఉండడం సహజం, కానీ చర్చలోనూ ముగింపులోనూ పాత వాక్యాలు కనబడితే కొత్త వాదన లేదనే సంపాదకులు అనుకుంటారు. పదాలు అటూ ఇటూ మార్చి పోలికను దాచే ప్రయత్నం చేయకండి. అది పాత పాఠాన్ని అలాగే ఉంచడం కన్నా అనుమానాస్పదం. పాత ఫైలు మూసేసి, కొత్త ప్రశ్నను ఎదురుగా పెట్టుకుని రాస్తే వాక్యాలు వాటంతటవే మారతాయి. అధ్యాయాన్ని వ్యాసంలో ఉటంకించండి. ఏ భాగాలు దాని నుంచి వచ్చాయో, ఏవి కొత్తవో, అనుమతి ఎవరిచ్చారో సంపాదకులకు పంపే లేఖలో విడమరచి చెప్పి, అధ్యాయం పీడీఎఫ్‌ను దానికి జతచేయండి.