స్టాకిస్టు గారి అకౌంట్స్ యాడ్ గురించి

తమ్ముడూ,

నువ్వు పంపిన యాడ్ చూశాను. కథలు రాసుకునేవాడికి ఉద్యోగ ప్రకటన దిద్దే పని ఇచ్చారని నీ మెసేజ్‌లో చిరాకు బాగానే కనిపించింది, కానీ చూడు, నీ కథ నచ్చకపోతే చదివేవాడు పక్కన పెట్టేస్తాడు అంతే, ఈ యాడ్ తేడాగా రాస్తే ఆ పని చేయగలిగిన మనిషి మనకి కాదులే అనుకుని వెళ్ళిపోతుంది, ఆ సంగతి ఓనర్‌కి కూడా ఎప్పటికీ తెలీదు.

సరే పనిలోకి వద్దాం. మందుల హోల్‌సేల్ స్టాకిస్టు, అకౌంట్స్ అసిస్టెంట్ కావాలి. ఆయన రాసిచ్చింది ఇది: "డైనమిక్, స్మార్ట్ యువకులు కావలెను. వయసు 25 లోపు. ఎంకామ్ లేదా ఎంబీఏ. 5 సంవత్సరాల అనుభవం తప్పనిసరి. టాలీ, శాప్, అడ్వాన్స్‌డ్ ఎక్సెల్, ఫ్లూయెంట్ ఇంగ్లీష్. ఒత్తిడిని తట్టుకుని టార్గెట్లు సాధించగలవారు. సొంత బైక్. టైంపాస్ గాళ్ళు ఫోన్ చేయవద్దు. జీతం అర్హతను బట్టి." నువ్వేమో దీంట్లో స్పెల్లింగులు దిద్ది, డైనమిక్ తీసేసి ఉత్సాహవంతులు అని పెట్టావు. అది ఎడిటింగ్ కాదురా, సున్నం వేయడం.

ముందు ఆ కాగితం పక్కన పెట్టు. ఇప్పుడు ఆ సీట్లో ఎవరున్నారో కనుక్కుని వాళ్ళతో ఒక అరగంట మాట్లాడు, ఓనర్‌తో కాదు. పొద్దున వచ్చాక ఫస్ట్ ఏం చేస్తారు, నెలలో ఏ రోజులు నరకం, మీరు లీవ్ పెడితే ఏది ఆగిపోతుంది, ఈ మూడు అడిగితే చాలు. ఇలాంటి షాపుల్లో నేను విన్నంతవరకు సమాధానం ఇలా ఉంటుంది: సేల్స్‌మెన్ తెచ్చిన కలెక్షన్ బిల్లులతో సరిచూడాలి, కంపెనీల నుంచి వచ్చిన సరుకు బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీతో సహా ఎంట్రీ చేయాలి, మెడికల్ షాపుల నుంచి వెనక్కొచ్చిన ఎక్స్‌పైరీ మందులకి క్రెడిట్ నోట్ వేయాలి, నెలనెలా 11వ తేదీలోపు అమ్మకాల జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-1కి, 20లోపు పన్ను కట్టే రిటర్న్ 3బికి లెక్కలు ఆడిటర్‌కి పంపాలి. ఇంకా బాకీ ఉన్న షాపులకి ఫోన్ చేసి డబ్బులడగాలి, ఇది ఎవరూ ముందు చెప్పరు, నువ్వు గుచ్చి అడగాలి.

ఇప్పుడు ఒక్కో అర్హతనీ తీసుకుని ఆ పనుల పక్కన పెట్టి చూడు. పెద్ద కంపెనీల్లో వాడే శాప్ దేనికి? షాపులో నడిచేది మార్గ్ అనే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, అది కూడా టాలీ వచ్చినవాళ్ళు కొన్ని రోజుల్లో పట్టేస్తారు, కాబట్టి శాప్ పోయింది. ఇంగ్లీష్ ఎవరితో మాట్లాడాలి, షాపుల వాళ్ళందరూ తెలుగేగా, ఇన్వాయిస్ చదివితే చాలు. బైక్ దేనికని అడుగు, బ్యాంకుకి వెళ్ళాలి అంటారు, బ్యాంకు రెండు వీధుల అవతలే ఉంటే అది కూడా పోయింది, అదే ఊళ్ళన్నీ తిరిగి కలెక్షన్ చేయాలంటే మాత్రం ఉండాల్సిందే. అంటే నేను చెప్పేది, పదం చూసి కొట్టేయకు, పని చూసి కొట్టేయి.

డిగ్రీ దగ్గర ఓనర్లు మొండికేస్తారు. అప్పుడు ఒకటే అడుగు, ఇప్పుడున్నావిడ ఏం చదివారండీ అని. చాలాసార్లు బీకామ్ డిస్కంటిన్యూ అనో ఇంటర్ అనో వస్తుంది, అంటే ఈ యాడ్ ప్రకారం ఆవిడకే ఆ ఉద్యోగం రాదు! ఇది మన దగ్గరి జబ్బే అనుకోకు. 2017లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వాళ్ళు ఇంకొందరితో కలిసి అమెరికా యాడ్స్ చూస్తే, ప్రొడక్షన్ సూపర్‌వైజర్ ఉద్యోగాల ప్రకటనల్లో 67 శాతం డిగ్రీ అడిగాయి, అప్పటికే ఆ పని చేస్తున్నవాళ్ళలో డిగ్రీ ఉన్నది 16 శాతం మందికే. 5 ఏళ్ళ అనుభవం కూడా అంతే, నెలసరి జీఎస్టీ లెక్కలు ఒక ఏడాది చేసినవాళ్ళకి పని వచ్చేసి ఉంటుంది, మిగతా నాలుగేళ్ళు ఓనర్ ధైర్యం కోసం.

ఇక మాటల సంగతి. "యువకులు", "25 లోపు" రెండూ ఎగరగొట్టు. నియామకాల్లో ఆడవాళ్ళపై వివక్ష చూపకూడదని 1976 నుంచే చట్టం ఉంది, అది పక్కన పెట్టినా పిల్లలు స్కూలుకి వెళ్ళడం మొదలెట్టాక మళ్ళీ ఉద్యోగం వెతుక్కునే అకౌంట్స్ ఆడవాళ్ళు ఎంతమందో, ఈ సీటుకి సరిగ్గా సరిపోతారు, వాళ్ళందరినీ ఒక్క లైనుతో గేటు బయట నిలబెడుతున్నాడు ఈయన. పోటీ, ఆధిపత్యం వాసనొచ్చే మాటలు నిండిన యాడ్స్ ఆడవాళ్ళకి తక్కువ నచ్చుతాయని ఇంగ్లీష్ యాడ్స్ మీద 2011లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది, వాళ్ళు నాకు ఆ పని రాదు అనుకోలేదట, అది నాలాంటివాళ్ళ చోటు కాదు అనుకున్నారట. టైంపాస్ గాళ్ళు అన్న లైనైతే ఇంకా ఘోరం, టైంపాస్ గాళ్ళకి అది తగలదు, మర్యాద ఉన్నవాళ్ళకే తగులుతుంది.

కానీ ఇక్కడే చాలామంది కుర్ర ఎడిటర్లు పప్పులో కాలేస్తారు, భయపెట్టేది కనిపిస్తే చాలు కత్తిరించేస్తారు. "ఒత్తిడిని తట్టుకుని" అన్నది చెత్త మాటే, కానీ దాని వెనక నిజం ఉంది, నెల మొదట్లో 11వ తేదీ దాకా, మార్చి చివర్లో, రాత్రి 8 అవుతుంది. ఆ మాట తీసి ఈ నిజం పెట్టాలి. బాకీల ఫోన్లు కూడా అంతే, వినడానికి బాలేదని తీసేస్తే చేరినావిడ రెండో వారంలో అవతలివాడి అరుపులు విని మానేస్తుంది, మళ్ళీ యాడ్ నీ టేబుల్ మీదకే వస్తుంది. బ్యాచ్, ఎక్స్‌పైరీ ఎంట్రీ కూడా వదలకు, మందుల్లో అంకె తప్పితే ఆ రిటర్న్ కంపెనీవాడు తీసుకోడు, నష్టం షాపుదే.

నేనైతే ఇలా రాస్తా:

"మందుల హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ అసిస్టెంట్ కావాలి. రోజూ కలెక్షన్ సరిచూడటం, సరుకు బ్యాచ్, ఎక్స్‌పైరీ తేదీలతో ఎంట్రీ చేయడం, ఎక్స్‌పైరీ రిటర్నులకి క్రెడిట్ నోట్లు, ప్రతి నెలా జీఎస్టీ లెక్కలు ఆడిటర్‌కి పంపడం, బాకీ ఉన్న షాపులకి ఫోన్ చేయడం మీ పని. టాలీ లేదా అలాంటి సాఫ్ట్‌వేర్‌లో ఏడాది పనిచేసి ఉండాలి, మార్గ్ మేం నేర్పిస్తాం. 10 నుంచి 6.30, ఆదివారం సెలవు. ప్రతి నెలా 11వ తేదీ వరకు, మార్చి చివర్లో రాత్రి 8 దాకా ఉండాల్సి వస్తుంది. జీతం 18,000 నుంచి 22,000. వాట్సాప్‌లో వివరాలు పంపండి."

టైమింగులు, జీతం నేను ఊరికే వేశా, నువ్వు అడిగి వేయి. జీతం వేయనివ్వడు, పాత స్టాఫ్ చూస్తారు అంటాడు. నిజమే, ఆ భయం అబద్ధం కాదు, కానీ 30 వేలు అనుకుని వచ్చే ఫోన్లన్నీ ఎత్తేది కూడా ఆయనే అని చెప్పు. అయినా ఒప్పుకోకపోతే వదిలేయి, మొదటి ఫోన్‌లోనే అంకె చెప్పేస్తానని మాట తీసుకో.

యాడ్ వేశాక ఫోన్ ఎత్తే మనిషికి ఒక కాగితం ఇచ్చి జనం ఏం అడుగుతున్నారో రాయమను. షాపు ఎక్కడ, బస్సు ఉంటుందా అని నలుగురు వరసగా అడిగితే ఏరియా పేరు వేయడం మర్చిపోయాం అని అర్థం, పైన నా డ్రాఫ్ట్‌లో కూడా అది లేదు చూడు, వాళ్ళ షాపు ఏ వీధో నువ్వు చెప్పలేదు. టాలీ అసలు రానివాళ్ళే ఎక్కువ చేస్తుంటే ఆ లైను మూడో లైనులోంచి పైకి లాగు.