ఆక్సిజన్ మీద ఉన్న మనిషికి ఆక్సీమీటర్ 97 చూపిస్తుంటే శ్వాస బాగున్నట్టేనా?

ప్రశ్న: అమ్మకి నిన్న పొట్ట ఆపరేషన్ అయింది. ముక్కు గొట్టంతో 2 లీటర్ల ఆక్సిజన్ పెట్టారు, నొప్పికి మార్ఫిన్ ఇస్తున్నారు. బాగా మత్తుగా ఉంది, గురక పెడుతోంది, ఊపిరి మరీ నెమ్మదిగా తీస్తోందనిపిస్తోంది. వేలికి పెట్టిన క్లిప్ మాత్రం 96, 97 దగ్గరే ఉంది. నంబర్ బాగుంది కదా, భయపడక్కర్లేదా? అసలు రక్తం తీయకుండా అది ఎలా తెలుసుకుంటుంది?

జవాబు:

ముందు నర్సుని పిలవండి, తర్వాత ఇది చదవండి. మత్తు, గురక, నెమ్మది ఊపిరి మూడూ కలిసి కనిపిస్తున్నప్పుడు క్లిప్ మీద ఎంత ఉందన్నది లెక్కలోకి రాదు. మీ కంటికి అనిపించినదే ఇక్కడ అసలైన రీడింగ్. ఎందుకో తెలియాలంటే మీ రెండో ప్రశ్న నుంచి మొదలుపెట్టాలి.

క్లిప్‌లో ఒకవైపు రెండు బుల్లి లైట్లుంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు, రెండోది 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్, అది కంటికి కనపడదు. అవతలివైపు వేలి గుండా వచ్చిన వెలుతురును పట్టే సెన్సర్ ఉంటుంది. లైట్లు సెకనుకి వందలసార్లు మార్చి మార్చి వెలుగుతాయి. మధ్యలో రెండూ ఆరి ఉన్న క్షణంలో గది వెలుతురు ఎంత పడుతోందో కొలిచి, మీటర్ దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది.

ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్, ఆక్సిజన్ పట్టుకున్న దానికంటే ఎరుపు కాంతిని దాదాపు పదిరెట్లు ఎక్కువగా మింగేస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ దగ్గర పరిస్థితి తిరగబడుతుంది, అక్కడ ఆక్సిజన్ ఉన్నదే కొంచెం ఎక్కువ మింగుతుంది. కాబట్టి రెండు కాంతుల్లో ఏది ఎంత తగ్గి బయటికొచ్చిందో పోల్చితే ఆక్సిజన్ ఉన్నదెంత, లేనిదెంత అన్నది తేలాలి. చిక్కేమిటంటే వేలిలో రక్తం ఒక్కటే లేదు. చర్మం, ఎముక, కండ, సిరల్లోని రక్తం అన్నీ కాంతిని తాగేస్తాయి. దీనికి 1974లో జపాన్‌లో టకువో అవోయాగి దారి చూపించాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ధమనుల్లో రక్తం ఉబ్బి తగ్గుతుంది, మిగతావేవీ అలా కదలవు. కాబట్టి కాంతిలో నాడితోపాటు ఊగే భాగాన్ని మాత్రమే తీసుకుంటే అది ధమని రక్తానిదే. ఆ ఊపు చాలా చిన్నది, వచ్చే కాంతిలో నూటికి ఒకటో రెండో వంతులు. చేతులు చల్లబడితే, వేళ్లు కదిలితే మీటర్ తడబడేది ఇందుకే.

ప్రతి కాంతిలో ఊగే భాగాన్ని ఊగని భాగంతో భాగించి, ఆ రెండింటి నిష్పత్తి కడతారు:

```
R = (AC660 / DC660) / (AC940 / DC940)
SpO2 ≈ 110 − 25 × R
```

AC అంటే ఊగే భాగం, DC అంటే ఊగనిది, SpO2 అంటే మీటర్ చూపించే శాతం. రెండో వరుస పాఠాల్లో చెప్పే ఉజ్జాయింపు. R విలువ 0.5 అయితే 97 చుట్టూ వస్తుంది, 1 అయితే 85. నిజం మీటర్లలో సూత్రం బదులు పట్టిక ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న వలంటీర్లకి ఆక్సిజన్ తగ్గించిన గాలి ఇచ్చి, ధమని రక్తం తీసి పరీక్షించి, R పక్కన అసలు శాతం రాసుకుంటూ ఆ పట్టిక తయారుచేస్తారు. మనిషిని 70 శాతం కంటే కిందికి దించడం క్షేమం కాదు గనక, అంతకంటే తక్కువ చూపించే అంకెలన్నీ గీతను పొడిగించి వేసిన అంచనాలే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఏర్పాటంతా చూసేది ఒక్కటే: హిమోగ్లోబిన్ రంగు. ఊపిరితిత్తులకి రెండు పనులున్నాయి, ఆక్సిజన్ లోపలికి తీసుకోవడం, కార్బన్ డయాక్సైడ్ బయటికి పంపడం. రెండో పని ఎలా సాగుతోందో క్లిప్‌కి బొత్తిగా తెలియదు. మామూలు గాలి పీల్చే మనిషిలో ఇది పెద్ద లోటు కాదు, ఎందుకంటే ఊపిరి తగ్గితే రెండు పనులూ కలిసే చెడతాయి, నంబర్ పడిపోయి మనల్ని లేపుతుంది. విడిగా ఆక్సిజన్ ఇచ్చినప్పుడు ఆ జత విడిపోతుంది.

ఎంత దూరం విడిపోతుందో లెక్కవేసి చూద్దాం. ఊపిరితిత్తుల గాలి తిత్తుల్లో ఆక్సిజన్ పీడనం ఎంతన్నది ఈ సూత్రంతో దగ్గరగా వస్తుంది. అన్నీ మిల్లీమీటర్ల పాదరసంలో, సముద్రమట్టం దగ్గర:

```
PAO2 = FiO2 × (760 − 47) − PaCO2 / 0.8
```

PAO2 మనకి కావలసిన పీడనం, FiO2 పీల్చే గాలిలో ఆక్సిజన్ వంతు, PaCO2 రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ పీడనం. 760 చుట్టూ ఉన్న గాలి పీడనం, 47 అన్నది తిత్తుల్లోని నీటి ఆవిరిది. మామూలు గాలిలో ఆక్సిజన్ వంతు 0.21, మామూలు కార్బన్ డయాక్సైడ్ 40. అంటే 150లో 50 పోతే 100. రక్తంలో 97, 98 శాతం ఉండటానికి అది చాలు. ఇప్పుడు మార్ఫిన్ ఎక్కువై ఊపిరి సగానికి పడిపోయి, కార్బన్ డయాక్సైడ్ 80కి చేరిందనుకోండి. 150లో 100 పోతే మిగిలేది 50. మీటర్ 80 దగ్గరికో, ఇంకా కిందికో దిగుతుంది. అలారం మోగుతుంది, అందరూ పరిగెత్తుకొస్తారు.

అదే మనిషికి ముక్కు గొట్టంతో 2 లీటర్లు పెట్టి ఉంటే పీల్చే గాలిలో ఆక్సిజన్ వంతు సుమారు 0.28 అవుతుంది. 0.28ని 713తో గుణిస్తే 200. అందులోంచి అదే 100 తీసేస్తే మళ్లీ 100 మిగులుతుంది! మీటర్ 95, 96 చూపిస్తూ నింపాదిగా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం అదే 80. అది కొద్దిసేపట్లోనే అంత పెరిగి ఉంటే రక్తం పీహెచ్ మామూలు 7.4 నుంచి 7.1 దగ్గరికి జారి ఉంటుంది, అంటే రక్తం బాగా ఆమ్లంగా మారినట్టే. పైగా ఊపిరి నెమ్మదించే కొద్దీ గొట్టం ఆక్సిజన్‌లో గది గాలి తక్కువ కలుస్తుంది, అసలు వంతు 0.28ని దాటుతుంది. అంటే పరిస్థితి చెడే కొద్దీ ముసుగు మందమవుతుంది.

దీనికి హిమోగ్లోబిన్ స్వభావం కూడా తోడవుతుంది. ఆక్సిజన్ పీడనం 100 ఉన్నా 300 ఉన్నా శాతం 97 నుంచి 100 మధ్యే ఆడుతుంది. 60కి దిగితే 90 దగ్గరుంటుంది, ఆ తర్వాత జారుడుబల్లే. అందుకే ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో నంబర్ పడటం మొదలయ్యేసరికి ముందు జరగాల్సిన చెడు చాలావరకు జరిగిపోయి ఉంటుంది. అక్కడ ఆక్సీమీటర్‌ని శ్వాసకి కాపలా పెట్టడం నా దృష్టిలో తప్పు వాడకం.

రంగు మాత్రమే చూడటం ఇంకో రెండుచోట్ల కూడా ఇలాగే మోసం చేస్తుంది, క్లుప్తంగా చెబుతాను. మూసిన గదిలో బొగ్గుల కుంపటో జనరేటరో నడిచి కార్బన్ మోనాక్సైడ్ పీల్చినవాళ్లలో, ఆ విషవాయువు పట్టుకున్న హిమోగ్లోబిన్ 660 దగ్గర ఆక్సిజన్ ఉన్నదానిలాగే కనిపిస్తుంది. 30 శాతం హిమోగ్లోబిన్‌ని ఆ వాయువు ఆక్రమించినా క్లిప్ 98 చూపించగలదు. అది తేల్చేది ఇంకా ఎక్కువ తరంగదైర్ఘ్యాలు వాడే కో-ఆక్సీమీటర్ మాత్రమే. రెండోది చర్మం రంగు. ఊగని భాగంతో భాగించినా దాని ప్రభావం పూర్తిగా పోదు. ముదురు చర్మం ఉన్నవాళ్లలో అసలు శాతం 88 కంటే తక్కువున్నా మీటర్ 92 నుంచి 96 చూపించడం ఎక్కువని 2020లో అమెరికాలో వచ్చిన అధ్యయనం తేల్చింది: నల్లజాతి రోగుల్లో 11.7 శాతం రీడింగులు, తెల్లజాతివారిలో 3.6 శాతం. కాబట్టి 92, 93 అంచున ఉన్న నంబర్ని ముదురు చర్మం మీద ఇంకాస్త అనుమానంతో చూడాలి.

ఇక మీ అమ్మగారి దగ్గర చూడాల్సినవి. ఊపిరిని పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి, పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే మధ్యలో వచ్చే ఆగుళ్లు తప్పిపోతాయి. లేపకముందే లెక్కపెట్టాలి, లేపిన మరుక్షణం శ్వాస మారిపోతుంది. ఛాతీ ఎత్తుతున్నా ముక్కు దగ్గర గాలి తగులుతోందో లేదో అరచేయి పెట్టి చూడండి. గొంతు సగం మూసుకుపోయినప్పుడు ఛాతీ కదులుతూనే ఉంటుంది, ఛాతీ మీది అతుకులతో కొలిచే మానిటర్ దాన్ని ఊపిరిగానే లెక్కేస్తుంది. గురకని సుఖనిద్ర అనుకోకండి, మార్ఫిన్ మీద ఉన్నప్పుడు అది గాలిదారి ఇరుకైందనడానికి గుర్తు.

తర్వాత పేరుపెట్టి పిలవండి. కళ్లు తెరిచి మాట పూర్తిచేస్తే సరే. మాట మధ్యలోనే కళ్లు మూతలు పడిపోతుంటే మందు ఎక్కువైనట్టే, లెక్క ఎంత వచ్చినా. నిమిషానికి 10 కంటే తక్కువైతే నర్సుకి చెప్పాలి, 8కి దిగితే అది అత్యవసరం. వాళ్లు వచ్చేలోపు భుజం తట్టి లేపుతూ, గట్టిగా ఊపిరి తీసుకోమని చెబుతూ ఉండండి. గడ్డం కొంచెం పైకెత్తితే గాలిదారి తెరుచుకుంటుంది. ఆక్సిజన్ మీరుగా పెంచొద్దు, పెంచితే నంబర్ ఇంకా అందంగా కనిపిస్తుంది తప్ప కార్బన్ డయాక్సైడ్ తగ్గదు. "నిజం తెలుస్తుంది" అని తీసేయనూ వద్దు, ఉన్న ఆధారం పోతుంది. మార్ఫిన్‌ని నొక్కుకునే బటన్ పంపుతో ఇస్తుంటే, ఆ బటన్ ఆవిడ తప్ప ఇంకెవరూ నొక్కకూడదు. మత్తెక్కిన మనిషి నొక్కలేకపోవడమే ఆ పంపులో ఉన్న రక్షణ.

డాక్టర్ని అడగాల్సింది రెండు. వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే కాప్నోగ్రాఫ్ పెట్టగలరా, ధమని రక్తం పరీక్ష చేస్తారా అని. మందు ఎక్కువైందని తేలితే దానికి విరుగుడు నలోక్సోన్ ఇస్తారు, నిమిషాల్లో తెలివొస్తుంది. దాని ప్రభావం చాలాసార్లు గంట, గంటన్నరలోపే అయిపోతుంది, మార్ఫిన్ అంతకంటే ఎక్కువసేపు ఉంటుంది. అందుకే ఆవిడ లేచి మాట్లాడిన తర్వాత కూడా మార్ఫిన్ ప్రభావం పోయేదాకా ఎవరో ఒకరు పక్కనే కూర్చుని ఊపిరి లెక్కపెడుతూ ఉండాలి.